చెక్కు తిరిగొస్తే: నోటీసు అందాక పదిహేను రోజులు
(సంఘం మండల సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



మొన్న ఒక పత్తి రైతు కోర్టు సమన్లు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. పురుగుమందుల షాపు బాకీకి 1,20,000 రూపాయల చెక్కు రాసిచ్చాడు. పత్తి అమ్మాక 40,000 నగదు కట్టాడు. షాపాయన మాత్రం చెక్కును పూర్తి మొత్తానికే బ్యాంకులో వేశాడు. ఖాతాలో డబ్బు లేక అది తిరిగొచ్చింది.

మామూలు బాకీకి జైలు ఉండదు, సివిల్ దావా వేసుకోవాలి. చెక్కు తిరిగొస్తే మాత్రం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సంతకం మాత్రమే నాది, అంకెలు వాళ్లే రాసుకున్నారంటే తప్పించుకోలేం. సంతకం మీదైతే, బాకీ లేదని చూపాల్సిన భారం మీ మీదే పడుతుంది.

అయితే చెక్కు తిరిగొచ్చిన రోజే నేరం పూర్తి కాదు. తేదీలతో చెబుతాను. చెక్కు తిరిగొచ్చిందని షాపాయనకు బ్యాంకు నుంచి జూన్ 2న తెలిసింది. ఆనాటి నుంచి 30 రోజుల్లో ఆయన రాతపూర్వకంగా నోటీసు పంపాలి. మనవాడికి అది జూన్ 14న అందింది. మర్నాటి నుంచి 15 రోజులు, అంటే జూన్ 29 దాకా గడువు. ఆలోగా కడితే కేసే లేదు. కట్టకపోతేనే, ఆ తర్వాత నెలలోపు ఆయన కోర్టులో ఫిర్యాదు వేయాలి. మనవాడు ఆ కాగితాన్ని చూరులో దోపి మరిచిపోయాడు! పోస్టుమ్యాన్ తెచ్చింది తీసుకోకుండా తిప్పి పంపేవాళ్లూ ఉన్నారు. అలా చేసినా కోర్టు అందినట్టే లెక్కేస్తుంది.

ఆ 15 రోజుల్లో ఏం చేయాల్సింది? 40,000 ముట్టిన సంగతి చెబుతూ స్పీడ్ పోస్టులో జవాబిచ్చి, మిగిలిన 80,000 బ్యాంకు ద్వారా కట్టాల్సింది. చెక్కు ఇచ్చాక కొంత కట్టి ఉంటే, దాన్ని చెక్కు మీద రాయకుండా పూర్తి మొత్తానికి బ్యాంకులో వేస్తే 138 వర్తించదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ కట్టినట్టు రుజువుండాలి. అదృష్టం కొద్దీ షాపు చీటీ మీద ఆ 40,000 జమ, తేదీ, సంతకం ఉన్నాయి. నోటిమాట అయితే నేనేం చేసేవాణ్ని?

కేసు కోర్టుకెళ్లినా రాజీకి దారి మూసుకుపోదు. ఇద్దరూ ఒప్పుకుంటే ఏ దశలోనైనా రాజీ పడవచ్చు. ఆలస్యమయ్యే కొద్దీ ఖర్చులు పెరుగుతాయి, పైగా తీర్పు రాకముందే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా కట్టమని కోర్టు ఆదేశించవచ్చు. ఆ చీటీ చూపాక షాపాయన మెత్తబడ్డాడు. లోక్ అదాలత్‌లో 80,000 రెండు వాయిదాల్లో కట్టేలా కుదిరింది. ఇచ్చే మొత్తం, తేదీలు, దీంతో బాకీ అంతా తీరినట్టేనన్న మాట, కేసు ముగింపు అన్నీ రాజీ పత్రంలో రాయించాం. అసలు చెక్కుతో పాటు, షాపాయన దగ్గరున్న మరో రెండు సంతకం చెక్కులు కూడా వెనక్కి తీసుకున్నాం. వాటి సంగతి మనవాడికి చివరి రోజు దాకా గుర్తే లేదు.