చతురస్ర తరంగం: సగం లెక్క బొమ్మలోనే

ఆసిలోస్కోపు తెర మీది చతురస్ర తరంగాన్ని ఫోటో తీశారనుకోండి. గీత కొంతసేపు సున్నా వోల్టుల దగ్గర, అంతేసేపు 4 వోల్టుల దగ్గర నిలుస్తోంది. దీన్ని ఫూరియర్ శ్రేణిగా రాయాలి. వెంటనే సమాకలనాలకు దిగకండి, ముందు బొమ్మను తీరిగ్గా చూడండి.

సగటు 2 వోల్టులు. శ్రేణిలో స్థిరపదం అదే. దాన్ని తీసేస్తే ప్లస్ 2, మైనస్ 2 మధ్య ఊగే తరంగం మిగులుతుంది. ఇక కాలానికి సున్నా ఎక్కడ పెట్టాలో ఫోటో చెప్పదు, అది మన ఇష్టం. గీత పైకి లేచే అంచు దగ్గర పెడితే తరంగం బేసి ప్రమేయం అవుతుంది, కొసైన్ గుణకాలన్నీ సున్నా. పైగా సగం ఆవర్తనం జరిపితే తరంగం గుర్తు మారుతుంది. దాంతో సరి సంఖ్యల సైన్ పదాలూ పోతాయి. మిగిలినవాటికి పావు ఆవర్తనం మీద సమాకలనం చేసి, నాలుగింతలు చేస్తే చాలు. మొదటి గుణకం 8 బై పై, అంటే సుమారు 2.55. మూడోది అందులో మూడో వంతు, 0.85. ఐదోది ఐదో వంతు, 0.51.

సరిచూడటం తేలికే. పైగీత నడిమధ్యన ఈ పదాల గుర్తులు ఒకటి విడిచి ఒకటి మారతాయి: 2.55లోంచి 0.85 తీసి 0.51 కలిపితే 2.21. మూడు పదాలకే 2కి దగ్గరపడ్డాం.

అయితే పైగీత, కిందిగీత నిజంగా సమానమేనా? ఏటవాలుగా తీసిన ఫోటోను స్కేలుతో కొలిస్తే మోసపోతాం, తెర మీది గడులే లెక్కపెట్టాలి. పైగీత పావు ఆవర్తనమే ఉంటే రెండో పదం తిరిగొస్తుంది, సున్నాను ఎటు జరిపినా పోదు. అప్పుడు సున్నాను పైగీత మధ్యకు మార్చండి, కనీసం సైన్ పదాలన్నీ తప్పుతాయి.