మసక ఫొటో, నిజమైన వెలుగు

రాత్రి వరండాలో ఒకే పసుపు బల్బు కింద ఫోనుతో తీసిన వృద్ధురాలి ఫొటోను బొమ్మలు రూపొందించే ఏఐ సాఫ్ట్‌వేర్‌కు ఆధారచిత్రంగా ఇచ్చినప్పుడు, ముఖం తరచుగా ప్లాస్టిక్ బొమ్మలా నున్నబడుతుంది. వెలుతురు చాలనప్పుడు ఫోను సెన్సారు సంకేతాన్ని పెంచడంతో నాయిస్, అంటే రంగురంగుల చుక్కల గరుకుదనం బయటపడుతుంది. దానిని తుడిచే ప్రయత్నంలో ఫోనే చర్మరంధ్రాలను, సన్నని ముడతలను కూడా చెరిపివేస్తుంది. కనుక ముందుగా రంగు చుక్కలను మాత్రమే కొద్దిగా తగ్గించి, వెలుగునీడల గరుకును అలాగే ఉంచడం మేలు.

సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే సూచనలో ‘స్టూడియో వెలుగు’, ‘మచ్చలేని చర్మం’ వంటి మాటలు మాని, ఉన్న వెలుగునే చెప్పాలి: ‘ఎడమవైపు పైనుంచి ఒకే పసుపు బల్బు, కుడి చెంప నీడలో, వెనుక చీకటి, చర్మరంధ్రాలు, ముడతలు, నుదుటిపై అసమానమైన మెరుపు కనిపించాలి, ఫొటోలోని గరుకు చర్మంలో భాగం కాదు’. ఈ చివరి మాట లేకపోతే నాయిస్ మచ్చలుగా మారవచ్చు.

ఫలితాన్ని కళ్లలోని మెరుపుచుక్కతో పరీక్షించవచ్చు: ఒకే బల్బుకు ప్రతి కంటిలో ఒక చుక్కే ఉండాలి, ముక్కు నీడ కుడివైపే పడాలి. అయితే కొత్తగా కనిపించే చర్మరంధ్రాలు ఏఐ ఊహించినవే. పోలిక ముఖ్యమైతే అదే వ్యక్తి పగటి ఫొటోను కూడా జతచేయాలి.