గడియారం పెట్టి చదివాక

రికార్డింగు కోసం మీరు ఐదు నిమిషాల ప్రసంగం రాశారు. గడియారం పెట్టుకుని, మైకు ముందు చదివినట్టే పైకి చదవండి. మనసులో చదివితే లెక్క తప్పుతుంది. నాలుక కంటే కళ్లు వేగం కదా!

తడబడితే ఆగకండి. అక్కడ పెన్సిలుతో గీత పెట్టి సాగిపోండి. ఊపిరి అందని చోట సున్నా చుట్టండి. దిద్దడం తర్వాత.

ఇప్పుడు గీతలు చూద్దాం. "వర్షాభావ ప్రభావిత ప్రాంతాల రైతులు." భావ, భావి, ప్ర, ప్రా... ఒకే రకం శబ్దాలు వెంటవెంటనే వచ్చాయి. నాలుక మెలిపడింది. సాధన చేస్తే పలుకుతుందిలే అనుకుంటాం. రికార్డింగులో మళ్లీ అక్కడే తడబడతాం. "వానలు పడని ఊళ్ల రైతులు" అని మార్చేయండి.

ఇక సున్నాలు. "సహకార సంఘం నుంచి తెచ్చిన విత్తనాలకు మందు పట్టించి, నీడలో ఆరబెట్టి, నేల పదును చూసుకుని, వరుసల్లో విత్తిన రైతులకు మొలక బాగా వచ్చింది." అసలు కబురు చివర్న ఉంది. అందాకా చదివేవారికి ఊపిరి చాలదు, వినేవారికి ఓపిక చాలదు. కబురు ముందు చెప్పండి. "ఈ రైతులకు మొలక బాగా వచ్చింది. విత్తనానికి మందు పట్టించారు. నీడలో ఆరబెట్టారు. పదును చూసి వరుసల్లో విత్తారు." సంఘం ప్రస్తావన పోయింది. పోనివ్వండి.

ఒక చిక్కుంది. వాక్యాలు విడగొడితే విరామాలు పెరుగుతాయి, సమయమూ పెరగొచ్చు. అప్పుడు వేగం పెంచకండి. ఒక విషయాన్ని పూర్తిగా తీసేయండి. తీశాక గడియారం పెట్టి మొదటి నుంచి మళ్లీ పైకి చదవండి.