ఫొటోలో తెగిపోయిన ఒక్క 7: లక్షలు, కోట్లు, మిలియన్ల లెక్క

ఈ ఎపిసోడ్‌లో నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తాను. ఆరో తరగతి లెక్కలో తప్పు. బీటెక్ చదివి, కొన్నేళ్లు కోడ్ రాసి, ఆరో తరగతి లెక్క తప్పు చేశాను. నవ్వుకోండి, పర్లేదు.

మా అక్క కూతురు బుజ్జి ఒకరోజు రాత్రి వాట్సాప్‌లో వర్క్‌షీట్ ఫొటో పంపింది. "మామయ్యా, ఇది చెప్పవా, రేపు ఇవ్వాలి" అని వాయిస్ మెసేజ్. నేను బస్సులో ఉన్నాను. ఫొటో జూమ్ చేసి, నంబర్ చూసి, రెండు నిమిషాల్లో జవాబులు టైప్ చేసి పంపేశాను. మర్నాడు సాయంత్రం ఇంకో ఫొటో వచ్చింది. మూడు జవాబుల మీదా ఎర్ర ఇంకుతో ఇంటూ మార్కులు. కింద ఒక మెసేజ్: "మామయ్యా, నువ్వు చెప్పిందే రాశాను."

ఆ వర్క్‌షీట్‌లో ఉన్న సంఖ్య ఇది: 8,45,80,777. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా. ప్రశ్నలు మూడు. ఒకటి, అక్షరాల్లో రాయండి. రెండు, అంతర్జాతీయ పద్ధతిలో కామాలు పెట్టి చదవండి. మూడు, ఇందులో ఉన్న రెండు 8ల స్థాన విలువల మధ్య తేడా ఎంత?

ఇప్పుడు నాకు వచ్చిన ఫొటో చూడండి. బుజ్జి ఫోన్ కొంచెం పక్కకు పట్టుకుంది, కుడివైపు అంచు తెగిపోయింది. ఫొటోలో కనిపించేది 8,45,80,77 వరకే. చివరి 7 లేదు.

నేనేం చేశానంటే, మా ఉద్యోగాల్లో ఉండే అలవాటు ప్రకారం కామాలు వదిలేసి అంకెలు మాత్రమే తీసుకున్నాను. ఫామ్‌లో ఎవరైనా నంబర్ టైప్ చేస్తే ముందు కామాలు తీసేయడమే మా మొదటి పని. అలా 8458077 అని తీసుకుని, నా అంతట నేనే మళ్లీ కామాలు పెట్టుకున్నాను: 84,58,077. ఎనభై నాలుగు లక్షల యాభై ఎనిమిది వేల డెబ్బై ఏడు. చూడటానికి చక్కటి నంబర్, ఎక్కడా డౌట్ రాదు. కానీ మొత్తం తప్పు.

ఇక్కడ ఒక్క విషయం పట్టుకోండి. అంకె విలువ దాని స్థానాన్ని బట్టి ఉంటుంది, ఆ స్థానాన్ని మనం లెక్కపెట్టేది కుడి నుంచి. ఒకట్లు, పదులు, వందలు, వేలు, పదివేలు, లక్షలు, పదిలక్షలు, కోట్లు. చదవడం ఎడమ నుంచి చదువుతాం, స్థానాలు మాత్రం కుడి నుంచి లెక్కపెడతాం. అందుకే ఫొటోలో కుడివైపు ఒక్క అంకె తెగితే మిగిలిన ప్రతి అంకె ఒక మెట్టు కిందికి జారిపోతుంది. కోట్లలో ఉన్న 8 పదిలక్షల్లోకి వచ్చింది. పదివేలలో ఉన్న 8 వేలలోకి వచ్చింది. ఒక్క అంకె పోయిందని మనం అనుకుంటాం, నిజానికి సున్నా తప్ప మిగిలిన ఆరు అంకెలూ తప్పు విలువ చెప్తున్నాయి.

అదే ఎడమవైపు తెగి ఉంటే? 8 పోయి 45,80,777 మిగిలేది. సంఖ్య తప్పే, కానీ 4 విలువ ఇంకా నలభై లక్షలే, 5 విలువ ఇంకా ఐదు లక్షలే. "5 స్థాన విలువ ఎంత" అని అడిగితే తెగిన ఫొటో చూసి కూడా కరెక్ట్‌గా చెప్పొచ్చు. ఏ వైపు తెగింది అన్నదాంట్లో ఇంత తేడా ఉంటుందని నాకూ ఈ ఫొటో చూసేదాకా తట్టలేదు.

మరి కుడివైపు తెగిందని ఎలా తెలుస్తుంది? నేను పక్కన పడేసిన కామాలే చెప్తాయి. ఫొటోలో చివరి కామా తర్వాత ఎన్ని అంకెలున్నాయి? 77, రెండే. చివరి కామా తర్వాత ఎప్పుడూ మూడు అంకెలు ఉండాలి. మన పద్ధతిలో అయినా అంతే, మిలియన్ల పద్ధతిలో అయినా అంతే, ఎందుకంటే రెండు పద్ధతుల్లోనూ మొదటి కామా వేల దగ్గరే పడుతుంది. రెండే ఉన్నాయంటే ఒకటి ఫొటో బయట ఉండిపోయింది. లేదా వాట్సాప్‌లో సైజు తగ్గిపోయి చుక్కలా కనిపించేదాన్ని కామా అనుకున్నాం. రెండిట్లో ఏదైనా సరే, ఇంకో ఫొటో అడగాలి. డాక్యుమెంట్‌గా పంపమంటే ఫొటో క్వాలిటీ తగ్గకుండా వస్తుంది, కామా కామాలా కనిపిస్తుంది. నాలుగు అంచులూ పడేలా తీయమని కూడా చెప్పండి.

ఇంకో క్లూ కూడా ఉంది, అదైతే ఫొటోలోనే ఉంది, నేనే చదవలేదు. పైన "ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా" అని రాసి ఉంది. ఒక్క హైదరాబాద్ నగరంలోనే అప్పటికి అరవై లక్షలకు పైగా జనం. రాష్ట్రం మొత్తం ఎనభై నాలుగు లక్షలు ఎలా అవుతుంది? ఎడమవైపు సరిగ్గా కామా దగ్గర తెగితే మాత్రం కామాలు మనకు సాయం చేయవు. 45,80,777 పూర్తి సంఖ్యలాగే కనిపిస్తుంది. అప్పుడు ఇలా ప్రశ్నలో ఉన్న మాటలే దిక్కు.

సరే, ఇప్పుడు కరెక్ట్ సంఖ్యతో లెక్క చేద్దాం. 8,45,80,777. మొదటి గుంపు కుడి నుంచి మూడు అంకెలు, తర్వాత రెండు, రెండు. మూడు కామాలను ఎడమ నుంచి చదివితే మొదటిది కోట్లు, రెండోది లక్షలు, మూడోది వేలు. ఎనిమిది కోట్ల, నలభై ఐదు లక్షల, ఎనభై వేల, ఏడు వందల డెబ్బై ఏడు. కామా వచ్చిన చోట ఆ పేరు పలకడమే.

మధ్యలో ఆ సున్నా చూడండి. వేల స్థానంలో ఉంది. "ఎనభై వేలు" అన్నప్పుడు నోటితో సున్నా పలకం, అందుకే పిల్లలు మాటల నుంచి అంకెల్లోకి రాసేటప్పుడు 8,45,8,777 అని రాసేస్తారు. దీన్నీ కామాలే పట్టిస్తాయి. మన పద్ధతిలో మధ్య గుంపుల్లో కచ్చితంగా రెండు అంకెలుండాలి. ఒక్కటే ఉందంటే సున్నా ఎగిరిపోయింది.

రెండో ప్రశ్న, అంతర్జాతీయ పద్ధతి. అంకెలు అవే, వరస అదే. కామాలు మాత్రం కుడి నుంచి మూడు మూడుగా పెట్టాలి: 84,580,777. ఎయిటీ ఫోర్ మిలియన్, ఫైవ్ హండ్రెడ్ ఎయిటీ థౌజండ్, సెవెన్ హండ్రెడ్ సెవెంటీ సెవెన్.

బుజ్జి ఇక్కడ ఒక మంచి ప్రశ్న అడిగింది. "మామయ్యా, అక్కడ 45 లక్షలు అన్నాం కదా, ఇక్కడ 4 వెళ్లి 8 పక్కన కూర్చుంది. మరి 4 విలువ మారిపోయిందా?" మారలేదు. కుడి నుంచి లెక్కపెడితే 4 ఏడో స్థానంలోనే ఉంది. దాని విలువ మన భాషలో నలభై లక్షలు, వాళ్ల భాషలో నాలుగు మిలియన్లు. పది లక్షలు ఒక మిలియన్ కాబట్టి రెండూ ఒకటే. 5 విలువ ఇక్కడ ఐదు లక్షలు, అక్కడ ఫైవ్ హండ్రెడ్ థౌజండ్. కామా అంకెను కదపదు, ఎవరితో కలిపి చదవాలో చెప్తుంది, అంతే.

ఏ పద్ధతిలో రాశారో తెలియాలంటే కుడి నుంచి రెండో గుంపు చూడండి. దానికి ఎడమవైపు కూడా కామా ఉండి, మధ్యలో రెండు అంకెలుంటే మనది, మూడుంటే మిలియన్లది. 99,999 దాకా రెండూ ఒకేలా ఉంటాయి, లక్ష దగ్గర దారులు వేరవుతాయి: 1,00,000 ఇక్కడ, 100,000 అక్కడ. ఫోన్‌లో, కంప్యూటర్‌లో కూడా ఇదే జరుగుతుంది. బ్రౌజర్ కన్సోల్‌లో ఈ రెండు లైన్లు ఒక్కొక్కటిగా కొట్టి చూడండి:

```
(84580777).toLocaleString('en-IN')
(84580777).toLocaleString('en-US')
```

మొదటిది 8,45,80,777 ఇస్తుంది, రెండోది 84,580,777 ఇస్తుంది. లోపల ఉన్న సంఖ్య ఒక్కటే.

మూడో ప్రశ్న. ఎడమ 8 కోట్ల స్థానంలో ఉంది, 8,00,00,000. రెండో 8 పదివేల స్థానంలో ఉంది, 80,000. తేడా 7,99,20,000. ముఖ విలువ అడిగితే రెండిటికీ ఎనిమిదే, తేడా సున్నా. అందుకే ప్రశ్నలో స్థాన విలువా, ముఖ విలువా అని ఒకసారి చూసుకోవాలి. తెగిన ఫొటో చూసి నేను పంపిన జవాబు ఎంతో తెలుసా? 80,00,000లో 8,000 తీసేసి 79,92,000. కరెక్ట్ జవాబులో సరిగ్గా పదో వంతు. ఒక్క 7 పోయినందుకు.

ఒక చిన్న తిరకాసు చెప్పి ఆపేస్తాను. అదే 2011 లెక్కల్లో దేశ జనాభా 1,21,08,54,977. కామా కామాకి ఒక పేరు పలుకుతూ వెళ్తే ఎడమ చివర ఆ 1 దగ్గర ఆగిపోతాం, కోటి తర్వాత పేరేంటి అని. హిందీలో అరబ్ అంటారు. మనం రోజువారీ తెలుగులో కోటి దాటి కొత్త పేరు వాడం, ఆ కామాను కళ్లతో చూసి నోటితో దాటేస్తాం: నూట ఇరవై ఒక్క కోట్ల, ఎనిమిది లక్షల, యాభై నాలుగు వేల, తొమ్మిది వందల డెబ్బై ఏడు. మిలియన్ల పద్ధతిలో రాస్తే 1,210,854,977, అంటే వన్ బిలియన్ టూ హండ్రెడ్ టెన్ మిలియన్‌తో మొదలవుతుంది. వంద కోట్లు ఒక బిలియన్. మన పద్ధతిలో ఎడమ చివరి 1, వాళ్ల పద్ధతిలో ఎడమ చివరి 1, రెండూ ఒకే చోట కామాతో విడిపోయాయి గమనించారా? కుడి నుంచి తొమ్మిది అంకెల తర్వాత రెండు పద్ధతుల కామాలూ మళ్లీ కలుస్తాయి.

బుజ్జి కరెక్షన్ రాసి మళ్లీ చూపించింది, ఈసారి మూడూ రైట్. ఇప్పుడు ఫొటో పంపేటప్పుడు కింద ఒక లైన్ కూడా పెడుతోంది: "మామయ్యా, ఎనిమిది అంకెలు, లెక్కపెట్టుకో." ఉంటాను ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.