గడ్డ ఎంతుందో కాదు, ఎక్కడుందో అడుగుదాం

(వ్యవసాయ కూలీ మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మనం గర్భసంచిలో గడ్డల గురించి మాట్లాడుకుందాం. మగవాళ్ళు లేచి పోవద్దు. ఆసుపత్రిలో సంతకం పెట్టేది మీరే, అప్పు తెచ్చేది మీరే, కాబట్టి మీరూ వినాలి.

స్కానింగు రిపోర్టు చేతికి రాగానే మన ఆడవాళ్ళు మా ఇంటికి వస్తారు. "టీచరమ్మా, ఇందులో ఏం రాసిండ్రు? గడ్డ ఉందన్నరు, సంచి తీసెయ్యాలన్నరు" అంటారు. మేం డాక్టర్లం కాము, బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. వైద్యం మేం చెప్పలేం. కానీ ఆ కాగితం మీద ఏం రాశారో చదివి చెప్పగలం. అది తెలిస్తే డాక్టరును ఏం అడగాలో మనకే తెలుస్తుంది.

ముందు గడ్డంటే ఏమిటో చూద్దాం. గర్భసంచి గోడ గట్టి కండతో ఉంటుంది. ఆ కండలోంచే ఒకచోట ముద్దలాగా గుండ్రంగా పెరుగుతుంది. దాన్నే ఫైబ్రాయిడ్ అంటారు, కొందరు మయోమా అని రాస్తారు. రెండూ ఒకటే. ఇది క్యాన్సరు కాదు. గడ్డ ఉన్న చాలామందికి ఏ బాధా ఉండదు. ముట్టు పూర్తిగా ఆగిపోయాక ఈ గడ్డలు మామూలుగా కుంచించుకుపోతాయి. కాబట్టి "గడ్డ ఉంది" అన్న మాట ఒక్కటే ఆపరేషనుకు కారణం కాదు.

మరి గడ్డ ఎవరిని బాధ పెడుతుంది? ఇక్కడే మనందరం పొరపడుతున్నాం. గడ్డ పెద్దదైతే ప్రమాదం, చిన్నదైతే ఫరవాలేదు అనుకుంటాం. అసలు సంగతి గడ్డ ఎక్కడుందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

మన మట్టి ఇల్లు గుర్తు చేసుకోండి. గోడకు లోపలివైపు అలుకు పూత ఉంటుంది. గర్భసంచి లోపల కూడా అలాంటి పూత ఉంది. దాని పేరు ఎండోమెట్రియమ్. నెలనెలా ముట్టులో రక్తంతో పాటు రాలిపోయేది ఆ పూతే. గడ్డ ఆ పూత కిందనే మొలిచి లోపలి గదిలోకి ఉబికితే రిపోర్టులో సబ్‌మ్యూకోసల్ అని రాస్తారు. గోడ మధ్యలో ఉంటే ఇంట్రామ్యూరల్. గోడ దాటి బయటికి, పొట్టవైపు ఉబికితే సబ్‌సీరోసల్. తొడిమతో సొరకాయలాగా వేలాడితే పెడంక్యులేటెడ్ అంటారు. కొన్ని రిపోర్టుల్లో ఈ పేర్లకు బదులు ఫిగో టైపు అని 0 నుంచి 7 దాకా ఒక అంకె వేస్తారు. అంకె చిన్నదైతే గడ్డ లోపలి గదివైపు ఉందని, పెద్దదైతే బయటివైపు ఉందని అర్థం.

లోపలి పూతను కదిలించే గడ్డ రక్తాన్ని పారిస్తుంది. బయటికి పెరిగిన గడ్డ పక్కనున్న వాటిని నొక్కుతుంది. ఈ రెండు మాటలు గుర్తుంచుకుంటే సగం పాఠం వచ్చినట్టే.

మా దగ్గరికి వచ్చిన రెండు రిపోర్టులు చెప్తాం. పేర్లు అక్కర్లేదు. ఇద్దరూ పత్తి ఏరే కూలికి పోయేవాళ్ళే.

ఒకామెకు 41 ఏళ్ళు. గడ్డ 22 × 20 × 18 మిల్లీమీటర్లు, పోస్టీరియర్ వాల్, సబ్‌మ్యూకోసల్, లోపలి గదిని నొక్కుతోంది అని రాశారు. ఇంకొకామెకు 44 ఏళ్ళు. గడ్డ 78 × 70 × 65 మిల్లీమీటర్లు, యాంటీరియర్ వాల్, సబ్‌సీరోసల్ అని రాశారు. వాడకట్టంతా రెండో ఆమె చుట్టూ చేరి ఏడ్చారు. మొదటామెను "నీది చిన్నదే, ఏం కాదులే" అన్నారు.

మొదటామె సంగతి చూడండి. గడ్డ రెండు సెంటీమీటర్లు, అంటే రేగిపండంత. కానీ అది లోపలి గదిలో ఉంది. ముట్టు తొమ్మిది పది రోజులు సాగుతోంది. గంటకో గంటన్నరకో బట్ట తడిసిపోతోంది. రూపాయి బిళ్ళ కంటే పెద్ద గడ్డలుగా నెత్తురు పడుతోంది. చేనులో నాలుగు సాళ్ళు నడిస్తే ఆయాసం. రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 6.8 వచ్చింది. ఆడవాళ్ళకు కనీసం 12 ఉండాలి. 8 కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనత కిందే లెక్క. వాడకట్టు ఫరవాలేదన్న మనిషే ముందు ఆసుపత్రికి పోవాల్సిన మనిషి.

రెండో ఆమె గడ్డ దాదాపు ఎనిమిది సెంటీమీటర్లు, బత్తాయంత. కానీ ముట్టు నాలుగు రోజుల్లో ఆగుతోంది. హిమోగ్లోబిన్ 11.4. బాధల్లా మాటిమాటికీ మూత్రానికి పోవాల్సి రావడం. ఎందుకంటే యాంటీరియర్ వాల్ అంటే ముందుగోడ. గర్భసంచికి ముందు మూత్రసంచి ఉంటుంది. బయటికి పెరిగిన గడ్డ దాని మీద కూర్చుంది. అదే పోస్టీరియర్ వాల్ మీద, అంటే వెనకగోడ మీద పెద్ద గడ్డ బయటికి పెరిగితే, మలద్వారంవైపు నొక్కి మలబద్ధకం తెస్తుంది, నడుం బరువుగా ఉంటుంది. ఫండస్ అని రాస్తే సంచి పైకప్పు మీద ఉందని, సర్వైకల్ అని రాస్తే కింద ముఖద్వారం దగ్గర ఉందని తెలుసుకోవాలి.

ఇక కొలతలు. కొన్ని కాగితాల్లో మిల్లీమీటర్లు, కొన్నిట్లో సెంటీమీటర్లు ఉంటాయి. 32 మిల్లీమీటర్లంటే 3.2 సెంటీమీటర్లే. "ముప్పై రెండు సైజు గడ్డ" అని ఎవరైనా భయపెడితే ముందు పక్కనున్న అక్షరాలు చూడండి. మూడు అంకెలుంటే పొడవు, వెడల్పు, మందం అని అర్థం. ఒక్కోసారి డాక్టరు పొట్ట తడిమి "పన్నెండు వారాల సైజు" అంటారు. అది కడుపు కాదు. సంచి మొత్తం పన్నెండు వారాల గర్భమంత పెరిగిందని పోలిక చెప్పడం అంతే.

పోయిన ఏడు 40 మిల్లీమీటర్లున్న గడ్డ ఈ ఏడు 43 అని వస్తే పెరిగిందని గాభరా పడొద్దు. ఇద్దరు మనుషులు రెండు మిషన్ల మీద కొలిస్తే ఆ మాత్రం తేడా వస్తుంది. కానీ 40 కాస్తా 50 అయితే లెక్క వేరు. గుండ్రటి వస్తువు అడ్డంగా పావు వంతు పెరిగితే మొత్తం ముద్ద దాదాపు రెట్టింపవుతుంది. అందుకే పాత రిపోర్టులు పారెయ్యొద్దు, ఒక సంచిలో పెట్టి దాచండి.

రిపోర్టులో మనల్ని ఊరికే భయపెట్టే మాటలు కూడా ఉంటాయి. యాంటీవర్టెడ్ అంటే సంచి ముందుకు వంగి ఉందని, రెట్రోవర్టెడ్ అంటే వెనక్కి వంగి ఉందని. రెండూ రోగాలు కావు. బల్కీ అంటే కాస్త పెద్దగా ఉందని మాత్రమే. పిల్లల్ని కన్న సంచి కన్యగా ఉన్నప్పటికంటే కొంచెం పెద్దగానే ఉంటుంది.

ఆ ఇద్దరికీ ఏం జరిగిందో చెప్తాం. మొదటామెకు ముందు రక్తం ఎక్కించారు, ఐరన్ మాత్రలిచ్చారు. నెత్తురు ఎక్కువ పోయే రోజుల్లో వేసుకోను ట్రనెక్సమిక్ యాసిడ్ మాత్రలిచ్చారు. కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే జబ్బు వచ్చినవాళ్ళు ఆ సంగతి చెప్పకుండా ఈ మాత్రలు వేసుకోకూడదు. ఒంట్లో బలం వచ్చాక కింది దారి నుంచే సన్నటి గొట్టం పంపి, లోపలికి చూస్తూ గడ్డను చెక్కి తీశారు. దాన్ని హిస్టరోస్కోపీ అంటారు. పొట్ట కొయ్యలేదు, సంచి తియ్యలేదు. గడ్డ లోపలి గదిలో చిన్నగా ఉంటేనే ఈ దారి కుదురుతుంది. రిపోర్టులో స్థానం తెలియడం అందుకే ముఖ్యం.

రెండో ఆమెకు కిడ్నీలు కూడా స్కానింగులో చూశారు. పెద్ద గడ్డ మూత్రం గొట్టాన్ని నొక్కితే కిడ్నీ ఉబ్బుతుంది, దాన్ని హైడ్రోనెఫ్రోసిస్ అని రాస్తారు. ఆమెకు అది లేదు. డాక్టరమ్మ మూడు దారులు చెప్పింది: ఆగి చూడటం, గడ్డ ఒక్కటే తీయడం, సంచి తీయడం. "మూత్రం బాధ ఓర్చుకోగలను, ఈ పంటకాలం ఆపరేషను వద్దు" అన్నది ఆమె. ఆరు నెలలకు మళ్ళీ స్కానింగుకు రమ్మన్నారు. అది కూడా వైద్యమే.

సంచి తీయడం తప్పని మేం అనడం లేదు. గడ్డలు చాలా ఉండి, మందులకు రక్తం ఆగక, ఇక పిల్లలు వద్దనుకున్న మనిషికి ఆ ఆపరేషనే మేలు కావచ్చు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో నూటికి ఎనిమిది మంది పైనే ఉన్నారు. మన నేలలో గర్భసంచులకే ఇన్ని రోగాలెందుకొచ్చాయో మనం అడగాలి. అనవసరంగా సంచులు తీసెయ్యడం మీద నడిచిన కేసులో 2023లో సుప్రీంకోర్టు, కేంద్రం రాసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చెయ్యాలని చెప్పింది. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్టు ఆగే వయసు ముందే మీద పడుతుంది. ఒంట్లో ఆవిర్లు వస్తాయి, ఎముకలు బలహీనపడతాయి. కాబట్టి సంతకం పెట్టే ముందు "అండాశయాలు ఉంచుతారా, తీస్తారా, ఎందుకు?" అని అడిగి తీరాలి.

ఆలస్యం చెయ్యకూడని సందర్భాలు కూడా చెప్పాలి. ముట్టు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనపడినా గడ్డ మీద నెపం పెట్టి ఊరుకోవద్దు. ముట్టు ఆగాక గడ్డ పెరుగుతున్నా ఊరుకోవద్దు. నలభై ఐదు దాటినామెకు నడుమ నడుమ నెత్తురు కనపడితే, స్కానింగుతో సరిపెట్టకుండా లోపలి పూత ముక్క తీసి పరీక్ష చెయ్యాల్సి రావచ్చు. అక్కడ క్యాన్సరు లేదని తేల్చుకోవాలి. నిలబడితే కళ్ళు తిరుగుతూ నెత్తురు ఆగకుండా పోతుంటే, రిపోర్టు కోసం కూర్చోకుండా అప్పుడే పెద్దాసుపత్రికి పోవాలి. ఎవరికైనా మూత్రం పూర్తిగా బందయితే అదీ అంతే.

అక్కలారా, రిపోర్టు పట్టుకుని పోయేటప్పుడు నాలుగు ప్రశ్నలు నోటికి పట్టుకోండి. నా గడ్డ లోపలి గదివైపు ఉందా, గోడలో ఉందా, బయటికి ఉందా? ఎన్ని సెంటీమీటర్లు, పోయినసారి ఎంత? నా బాధ ఈ గడ్డ వల్లేనా? సంచి తీయకుండా ఇంకేం దారులున్నాయి? జవాబు చెప్పకుండా "రేపే ఆపరేషను, డబ్బు కట్టండి" అనే చోట, ప్రాణం మీదికి రాలేదంటే, కాగితాలు తీసుకుని ఇంకో డాక్టరు దగ్గరికి పోండి. తోడు కావాలంటే సంఘానికి చెప్పండి, మేం వస్తాం.