పండుగ కబురులో పుల్లవిరుపు మాట
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను గురించో, వైద్య ఖర్చుల బిల్లుల గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. అవి చెప్పడానికి నాకంటే తెలిసినవారు ఉన్నారు. నేను మా అక్కయ్యకు సెల్‌ఫోనులో పంపిన నాలుగు ముక్కల పండుగ కబురు గురించి చెబుతాను. ఆ నాలుగు ముక్కల వల్ల మా ఇంట్లో రెండు నెలలకు పైగా మాటలు లేకుండా పోయాయి.

2023 సంక్రాంతినాడు, అంటే జనవరి 15న, పొద్దున్నే అక్కయ్య దగ్గరనుంచి కబురొచ్చింది. "తమ్ముడూ, పండుగ శుభాకాంక్షలు. అరిసెలు చేశాను. మీరంతా వస్తారేమో అనుకున్నాం." అక్కయ్యకు డెబ్భై నాలుగేళ్లు. అంతకు ముందు ఏడే మోకాలికి ఆపరేషన్ అయింది. నేను స్నానానికి వెళ్లే తొందరలో ఉండి ఇలా జవాబిచ్చాను: "మీ సందేశం అందింది. సంతోషం. ఈసారి కూడా వీలుపడలేదు. మీరైనా వచ్చి ఉండవలసింది. శుభాకాంక్షలు."

ఇందులో తప్పేముందని అప్పుడు మీరు అడిగితే నేనూ ఏమీ లేదనే అనేవాణ్ణి. కనుమ వెళ్లింది, ఫోను లేదు. మాఘమాసం వెళ్లింది, లేదు. ఉగాదికి నేనే ఫోను చేస్తే మేనకోడలు ఎత్తింది. "మామయ్యా, ఆ రోజు నీ మెసేజి మా అబ్బాయి పైకి చదివాడు. అమ్మ ఏమీ అనలేదు. మీ కోసం తీసిపెట్టిన అరిసెల డబ్బా పక్కింటివాళ్లకు ఇచ్చేసింది" అన్నది. నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి పాత ఫైలు తిరగేసినట్టు ఆ కబురును వాక్యం వాక్యంగా తిరగేశాను. దొరికిన తప్పులు చెబుతాను.

మొదటిది, "మీ సందేశం అందింది. సంతోషం." ముప్ఫై నాలుగేళ్లు డ్రాఫ్టులు రాసిన చెయ్యి కదా, ఉత్తరం చేరగానే రసీదు ఇచ్చేసింది. ఆఫీసులో అది మర్యాదే. అరిసెలు చేశానని చెప్పిన తోబుట్టువుకు మాత్రం అది తలుపు మూసిన చప్పుడు. పైగా "సంతోషం" అన్న మాట ఒంటరిగా నిలబడితే తెలుగులో దానికి రెండర్థాలు. నవ్వుతూ అంటే సంతోషమే. ముఖం తిప్పుకుని అంటే "చాల్లే, సంతోషించాం" అని. కాగితం మీద ముఖం కనబడదు. "నీ కబురు చూసి చాలా సంతోషమైంది" అని పూర్తి వాక్యం రాస్తే రెండో అర్థానికి చోటుండదు.

రెండవది, "మీరు." మా వైపు తమ్ముడు అక్కయ్యను నువ్వు అనే పిలుస్తాడు. డెబ్భై ఏళ్లుగా నేనూ అంతే. ఆ రోజు బావగారిని కూడా కలుపుకుని బహువచనంగా "మీరు" అని రాశాను. చదివినప్పుడు అది బహువచనమో గౌరవవాచకమో తెలియదు. నువ్వు అనే తమ్ముడు హఠాత్తుగా మీరు అంటే దూరం జరిగాడనే అర్థం. అలాగే మీరు అనవలసినవారిని తమరు అంటే గౌరవం పెరగదు, వెటకారమవుతుంది. కనుక నోటితో ఏ పిలుపు పిలుస్తామో అదే రాయాలి. ఇద్దరినీ కలపాలంటే "నువ్వూ బావగారూ" అని విడదీసి చెప్పడమే క్షేమం.

మూడవది, అన్నిటికంటే పెద్ద తప్పు, "మీరైనా" అన్నది. ఈ "అయినా" చిన్న ముక్కే. కానీ దాని కడుపులో పాత లెక్కలుంటాయి. "మీరైనా రావలసింది" అంటే మేము రాకపోతే పోనీ, మీకేం వచ్చింది అని. మోకాలు కోయించుకున్న మనిషికి ఆ మాట ఎలా తగులుతుందో నేను ఆలోచించలేదు. "ఈసారి కూడా" అన్నదీ అంతే, రాని సంవత్సరాలన్నీ మళ్లీ లెక్కపెట్టింది. "ఈ ఏడైనా గుర్తొచ్చాం", "మొత్తానికి కబురు పంపారు", "మీకు తీరిక ఉండదు లెండి" అన్నవన్నీ ఈ కుటుంబానివే. ఎదురుగా కూర్చుని నవ్వుతూ అంటే చనువు. రాతలో దెప్పిపొడుపు.

ఇక్కడ కొందరు మిత్రులకు సందేహం రావచ్చు, బావా బావమరుదులు మేలమాడుకోకూడదా అని. నిక్షేపంగా ఆడుకోవచ్చు, ఫోనులో గొంతు వినబడుతూ ఉండగా. ఇంటిల్లిపాదీ, వియ్యాలవారూ చూసే చోట అదే మేలం రాస్తే, బావగారికి నవ్వొచ్చినా వియ్యపురాలికి రాదు.

మరి ఆ జవాబు ఎలా ఉండవలసింది? తరువాత రాసుకుని చూశాను. "అక్కయ్యా, నీకూ బావగారికీ మా నమస్కారాలు. అరిసెలన్న మాట చదవగానే ప్రాణం అక్కడికి వచ్చేసింది. నీ మోకాలితో నువ్వు ప్రయాణం చేయలేవు, నేనే రావలసింది. మనవడి పరీక్షల వల్ల కదలలేకపోయాను. ఫిబ్రవరి మొదటి ఆదివారం వస్తాను. నాలుగు అరిసెలు దాచి ఉంచు." చూడండి, పెద్ద మాటలేమీ లేవు. వాళ్లు చెప్పినదాన్ని అందుకున్నాను, రాలేని కారణం నా మీదే వేసుకున్నాను, వచ్చే రోజు చెప్పాను. పెద్దవారు కనుక నమస్కారాలు అన్నాను. అదే చిన్నవారికైతే ఆశీస్సులు.

పంపే ముందు నేనిప్పుడు ఒక పని చేస్తాను. రాసినదాన్ని కోపంగా ఉన్న మనిషి గొంతుతో ఒకసారి పైకి చదువుతాను. ఆ గొంతులో కూడా గుచ్చుకోకపోతే పంపుతాను. గుచ్చుకుంటే, చాలాసార్లు "అయినా", "కూడా", "లెండి" లలో ఏదో ఒకటి దొరుకుతుంది. దాన్ని తీసేస్తాను. ఎప్పుడూ పది వాక్యాలు రాసే మనిషి ఒక బొమ్మ పంపి ఊరుకున్నా, పేరు చివర కొత్తగా "గారు" చేర్చినా ఏదో గుచ్చుకున్నదని గ్రహించి, మళ్లీ రాయకుండా ఫోను చేస్తాను.

ఒక్కచోట మాత్రం ఏ మంచి మాటా పనికిరాదు. ఏడాది లోపల మనిషి పోయిన ఇంట పండుగ చేసుకోరు. అందరికీ పంపిన శుభాకాంక్షల బొమ్మే వారికీ వెళితే, మనకు ఆ సంగతే గుర్తులేదన్నట్టవుతుంది. వారికి శుభాకాంక్షలు అన్న మాటే వద్దు. "ఈ రోజు మీరు మనసులో మెదులుతున్నారు వదినా, ఆదివారం వచ్చి చూస్తాను" అంటే చాలు. అన్నాక వెళ్లాలి.

ఉగాది మరునాడే బస్సెక్కి అక్కయ్య దగ్గరకు వెళ్లాను. "నేను ఆ ఉద్దేశంతో రాయలేదు" అన్నాను. "రాసినవాడి ఉద్దేశం నాకేం కనబడుతుందిరా, రాసిందే కనబడుతుంది" అన్నది. తరువాత ఉగాది పచ్చడి గిన్నె నా ముందుకు జరిపి, "నిన్నటిది, చేదు తగ్గింది, తిను" అన్నది.