‘మేం చేశాం’ సరే, నువ్వేం చేశావు?



ఇంజనీరింగో, బి.కామో చదువుతున్న పిల్లలున్న ఇళ్ళల్లో ఇప్పుడు ‘ఇంటర్న్‌షిప్’ అన్న మాట తరచు వినిపిస్తూ వుంటుంది. చదువు పూర్తి కాకముందే రెండు మూడు నెలలపాటు ఒక కంపెనీలోనో, ఆఫీసులోనో చేరి పని నేర్చుకోవడమన్నమాట. దానికీ ఇంటర్వ్యూ వుంటుంది. పాఠాల్లోని సంగతులు అడిగినంతసేపూ మన పిల్లలు బాగానే జవాబు చెబుతారు. ఆ తర్వాత, ‘మీతో కలిసి పనిచేసేవాళ్ళలో ఒకరు తమ వంతు పని చేయకపోతే మీరేం చేశారు? ఒక సందర్భం చెప్పండి’ అని అడుగుతారు. ‘మీరు పొరపాటు చేసిన సందర్భం చెప్పండి’ అంటారు. తడబడేది అక్కడే. ఇది పుస్తకంలో వున్న ప్రశ్న కాదు గదా!

అసలు ఇలా ఎందుకడుగుతారు? పెళ్ళికి వంటవాణ్ణి మాట్లాడేటప్పుడు మనం ‘నువ్వు బాగా వండుతావా?’ అని అడగం. అడిగితే ఎవరైనా అవుననే అంటారు. ‘మొన్న ఎవరింట్లో వండావు? ఎంతమందికి? అనుకున్నదానికన్నా యాభైమంది ఎక్కువ వస్తే ఎలా సర్దావు?’ అని అడుగుతాం. జరిగినదాన్ని బట్టి జరగబోయేదాన్ని అంచనా కడతాం. ఇంటర్వ్యూ చేసేవాళ్ళదీ అదే లెక్క. అమెరికాలో ఫ్లానగన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానదళం కోసం పనిచేశాడు. ఒక పనిలో ఎవరు నెగ్గుకొస్తారో తెలియాలంటే గుణగణాల జాబితా చాలదనీ, నిజంగా జరిగిన సంఘటనలు సేకరించి చూడాలనీ ఆయన 1954లో ఒక వ్యాసంలో వివరించాడు. ఈనాటి ఇంటర్వ్యూ ప్రశ్నల వెనుక వున్నది ఆ ఆలోచనే.

ఇలాంటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాలుగు మెట్ల పద్ధతి ఒకటుంది. సిట్యుయేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్ – ఈ నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపి దాన్ని ‘స్టార్’ పద్ధతి అంటారు. మన మాటల్లో చెప్పుకుంటే సందర్భం, బాధ్యత, చేసిన పని, ఫలితం. ఎక్కడ, ఎప్పుడు, ఏం చిక్కొచ్చిందన్నది సందర్భం. అందులో నా వంతు ఏమిటన్నది బాధ్యత. నేను వరసగా ఏమేం చేశానన్నది చేసిన పని. చివరికి ఏమైందన్నది ఫలితం. చెప్పడానికి ఇంత తేలికైన పద్ధతిలో పిల్లలు ఎక్కడ జారిపోతారో ఒక ఉదాహరణతో చూద్దాం.

మూడో సంవత్సరం ఇంజనీరింగు చదివే ఒకమ్మాయి వుందనుకోండి. నలుగురు కలిసి ఒక ప్రాజెక్టు చేశారు. హాస్టలు మీది నీళ్ళ ట్యాంకు నిండగానే గంట మోగే పరికరం అది. వాళ్ళలో ఒకబ్బాయి తన పని చేయలేదు. ఇంటర్వ్యూ ప్రశ్నకి ఆ అమ్మాయి ఇలా జవాబు చెబుతుంది: ‘మా ప్రాజెక్టులో ఒకతను సరిగా వచ్చేవాడు కాదండీ. మేమందరం కూర్చుని మాట్లాడుకున్నాం. తర్వాత అంతా సర్దుకుంది. మంచి మార్కులొచ్చాయి. టీమ్‌వర్క్ ఎంత ముఖ్యమో తెలుసుకున్నాం.’

వినడానికి బాగానే వుంది. కాని ఎదుటివాళ్ళు రాసుకోవడానికి ఇందులో ఏమీ లేదు. ‘మాట్లాడుకున్నాం’ అంటే ఎవరు మాట్లాడారు? ‘సర్దుకుంది’ అంటే ఎవరు సర్దారు? ఆ అమ్మాయి అబద్ధం చెప్పడం లేదు, చేసింది దాచుకుంటున్నది. ‘నేను నేను అనకూడదు, గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది’ అని చిన్నప్పటినుంచీ మనమే నేర్పాం కదా! ఆ వినయం ఇంట్లో అందం. ఇంటర్వ్యూలో మాత్రం పని చేసినవాళ్ళూ, పక్కన నుంచున్నవాళ్ళూ ఒక్కలాగే కనిపిస్తారు. ‘నేను చాలా తెలివైనదాన్ని’ అంటే గొప్పలు. ‘నేను ఫలానా రోజున ఫలానా పని చేశాను’ అంటే లెక్క అప్పజెప్పడం. ఈ తేడా పిల్లలకి చెప్పాలి.

దాగిన సంగతి బయటికి రావాలంటే పక్కనుండి అడిగేవాళ్ళు కావాలి. దానికి ఇంజనీరింగు తెలియనక్కరలేదు. తెలియకపోవడమే మేలు, విడమరిచి చెప్పక తప్పదు. కూర తరుగుతూ తల్లి ఇలా అడగవచ్చు.

‘అప్పటికి ఇంకెన్నాళ్ళు గడువుందే?’

‘పద్దెనిమిది రోజులమ్మా.’

‘అందులో నీ పనేమిటి?’

‘నలుగురి పనీ కలిపి వేళకి లెక్చరర్‌కి చూపించాల్సింది నేనే.’

‘మరి వాడు రాకపోతే ముందుగా నువ్వేం చేశావు?’

‘క్యాంటీన్‌లో ఒక్కణ్ణీ కూర్చోబెట్టి అడిగానమ్మా. వైర్లు తప్పుగా కలిపి ఒక సెన్సార్ కాల్చేశాట్ట. చెప్పడానికి సిగ్గుపడి రావడం మానేశాడు.’

చూశారా? అసలు కథ ఇక్కడుంది. ‘మేం మాట్లాడుకున్నాం’ అన్న మాట కింద ఇదంతా కప్పడిపోయింది. తల్లి ‘తర్వాత?’, ‘అప్పుడు నువ్వేమన్నావు?’ అని అడుగుతూ పోతే తక్కినది కూడా వస్తుంది. అప్పుడు ఆ జవాబు ఇలా తయారవుతుంది.

‘మూడో సంవత్సరంలో నలుగురం కలిసి, ట్యాంకు నిండితే గంట మోగే పరికరం చేశాం. ఇంక పద్దెనిమిది రోజులే వుందనగా, సెన్సార్ పని తీసుకున్న అతను రెండు సమావేశాలకి రాలేదు. అందరి పనీ కలిపి వేళకి చూపించే బాధ్యత నాది. ముందు అతనితో విడిగా మాట్లాడాను. సెన్సార్ కాలిపోయిందనీ, వైర్లు కలపడం అతనికి సరిగా రాదనీ తెలిసింది. ల్యాబ్‌లో అడిగి ఇంకో సెన్సార్ తెచ్చాను. రెండు సాయంత్రాలు అతని పక్కన కూర్చుని వైర్లు కలిపించాను. పరీక్షించి కొలతలు రాసే పని పూర్తిగా అతనికే అప్పగించాను. ఫోనుకి కబురు పంపే ఏర్పాటు కూడా చేద్దామనుకున్నాం కాని, టైము చాలదని లెక్చరర్‌ని అడిగి దాన్ని వదిలేశాను. రోజూ సాయంత్రం పావుగంట నలుగురం కలిసి ఎంతవరకు వచ్చిందో చూసుకునేలా పెట్టాను. చెప్పిన రోజుకే చూపించాం. ఇరవైసార్లు నీళ్ళు నింపి చూస్తే పందొమ్మిదిసార్లు గంట మోగింది. తర్వాతి ప్రాజెక్టులో మొదటి వారంలోనే ఎవరి పని వాళ్ళు కొంచెమైనా చేసి చూపించాలని ముందే అనుకున్నాం.’

ఇందులో నాలుగు మెట్లూ వున్నాయి. సందర్భం రెండు వాక్యాలే. బాధ్యత ఒక్క వాక్యం. ఎక్కువ భాగం తను చేసిన పని. నిదానంగా చెప్పినా రెండు నిమిషాలు దాటదు, అంతకుమించి సాగదీయకూడదు కూడా. పిల్లలు చేసే రెండో తప్పు ఇక్కడే వుంది. సెన్సార్ ఎలా పనిచేస్తుందో, ట్యాంకు ఎంత పెద్దదో చెబుతూ సందర్భం దగ్గరే నిమిషంన్నర గడిపేస్తారు. గడియారం పెట్టుకుని వింటే మనకే తెలిసిపోతుంది. అర నిమిషం దాటినా ‘నేను’ రాలేదంటే ఉపోద్ఘాతం ఎక్కువైందన్నమాట.

ఫలితం సంగతి కూడా గమనించండి. ‘చాలా నేర్చుకున్నాను’ అని వూరుకోలేదు. ఎన్నిసార్లకి ఎన్నిసార్లు గంట మోగిందో చెప్పింది. వదిలేసిన పని వుందని దాచలేదు. ఆ అబ్బాయిని తిట్టలేదు కూడా. తోటివాణ్ణి సోమరి అని తేల్చేసే జవాబు, చెప్పిన వాళ్ళకే మచ్చ తెస్తుంది.

ఇక ‘మా వాడు ప్రాజెక్టులేం చేయలేదండీ’ అనే తల్లులూ వుంటారు. ప్రాజెక్టే అక్కరలేదు. బి.కామ్ చదివే అమ్మాయి కాలేజీ ఉత్సవానికి చందాల లెక్క చూసిందనుకుందాం. ‘మీరు పొరపాటు చేసిన సందర్భం చెప్పండి’ అన్నారు. చివరిరోజు లెక్క చూస్తే పుస్తకంలో వున్నదానికన్నా చేతిలో ఆరువందలు తక్కువొచ్చాయి. ఫోనులో వచ్చిన చెల్లింపులన్నీ రసీదులతో ఒక్కొక్కటే సరిపోల్చి చూసింది. ఇద్దరు కట్టిన మూడేసి వందలు తనే రెండుసార్లు రాసిందని తేలింది. ఆ సంగతి కమిటీకి తనే చెప్పి లెక్క దిద్దింది. మరుసటి ఏడు ఏరోజు లెక్క ఆరోజే ముగించేలా ఏర్పాటు చేసింది. ఇంతకన్నా మంచి జవాబు ఏం కావాలి? ఇలాంటి ప్రశ్నకి ‘నేను మరీ శ్రద్ధగా పనిచేస్తానండీ, అదే నా లోపం’ అనే తెలివైన జవాబులు పనికిరావు. నిజంగా జరిగిన చిన్న పొరపాటు, దాన్ని దిద్దిన తీరు కావాలి.

లేని కథ అల్లితే దొరికిపోతారు. జవాబు విన్నాక ఎదుటివాళ్ళు ఆగరు. ‘అతను మీ మాట వినకపోతే ఏం చేసేవారు?’, ‘ఆ ఒక్కసారి గంట ఎందుకు మోగలేదు?’, ‘మళ్ళీ అయితే ఏం మార్చుకుంటారు?’ అని అడుగుతారు. జరిగినదాన్ని గురించి ఎన్ని అడిగినా చెప్పవచ్చు. కల్పన రెండో ప్రశ్నకే నీళ్ళు నములుతుంది. కంఠతా పట్టినా ఇదే చిక్కు, ఒక్క వాక్యం మరిస్తే తక్కినదంతా పోతుంది. అందుకే జవాబు పొడుగ్గా రాసుకోకుండా, మెట్టుకొక మాట చొప్పున నాలుగు మాటలు మాత్రం కాగితం మీద పెట్టుకోమనండి. ముందు తెలుగులో మనకి చెప్పి, కథ కుదిరాక ఇంగ్లీషులో చెప్పుకోమనండి. రెండూ ఒకేసారి వెతుక్కుంటే కథా రాదు, భాషా రాదు.

ఈ పద్ధతి అన్ని ప్రశ్నలకీ పనికొస్తుందనుకోవద్దు. ‘ఎప్పుడైనా చేశారా?’ అని జరిగినదాన్ని అడిగితేనే ఇది. ‘మా కంపెనీలోకే ఎందుకు రావాలనుకుంటున్నారు?’ అంటే దానికి వేరే జవాబు కావాలి. సబ్జెక్టు ప్రశ్నకి సబ్జెక్టే చెప్పాలి. ‘ఇలా జరిగితే ఏం చేస్తారు?’ అని రాబోయేదాన్ని అడిగితే, ముందు ఏం చేస్తారో చెప్పి, అలాంటిది ఇదివరకు జరిగివుంటే దాన్ని తోడు చేసుకోవచ్చు.

అయిదారు నిజమైన సంఘటనలు సిద్ధంగా వుంటే చాలు. కలిసి చేసిన పని ఒకటి, గొడవ తీర్చింది ఒకటి, పొరపాటు ఒకటి, గడువుతో పరుగెత్తింది ఒకటి, కొత్తగా నేర్చుకున్నది ఒకటి. ట్యాంకు కథనే చూడండి, గొడవకీ పనికొస్తుంది, గడువుకీ పనికొస్తుంది. ఈ ఆదివారం భోజనాలయ్యాక మీ అబ్బాయినో, అమ్మాయినో కూర్చోబెట్టి ఒక్క సంఘటన చెప్పమనండి. ‘మేం’ అన్నప్పుడల్లా ‘అందులో నువ్వేం చేశావు?’ అని మాత్రం అడగండి. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు కూడా ఆ ప్రశ్నే అడుగుతారు.

సెలవు.